12 మీటర్ల ఆఫీసు ఫ్లోర్ నడిస్తే ఊగుతోంది: 4 హెర్ట్జ్ చాలా, 8 ఉండాలా?

ప్రశ్న: సార్, స్టీల్ ఫ్రేమ్ ఆఫీసు బిల్డింగ్. బీమ్‌ల స్పాన్ 12 మీటర్లు, గర్డర్లు 9 మీటర్లు, పైన డెక్ షీట్ స్లాబ్. పక్కన ఎవరైనా నడిస్తే మానిటర్లు ఊగుతున్నాయని అక్కడ కూర్చునేవాళ్లు గోల పెడుతున్నారు. డిఫ్లెక్షన్ చెక్ బాగానే పాసైంది. ఫ్రీక్వెన్సీ లెక్క వేస్తే 4.2 హెర్ట్జ్ వచ్చింది. ఒకరు 4 దాటితే చాలంటారు, ఇంకొకరు 8 ఉండాలంటారు. ఎవరి మాట నమ్మాలి? బీమ్‌ల కింద ప్లేట్లు వెల్డ్ చేయిస్తే తగ్గుతుందా?

జవాబు:

ఇద్దరి మాటా పూర్తిగా నమ్మకండి. ఫ్రీక్వెన్సీ ఒక్కటే చూసి ఫ్లోర్ బాగుందనో బాగాలేదనో తేల్చలేం. కుర్చీలో కూర్చున్న మనిషి ఒంటికి తెలిసేది త్వరణం. అది మూడింటి మీద ఆధారపడుతుంది: ఫ్రీక్వెన్సీ, నడకకు కదిలే ఫ్లోర్ బరువు, ఊపును మింగేసే గుణం అంటే డంపింగ్. మీరు మొదటిది మాత్రమే లెక్క వేశారు. మీ గొడవ మిగతా రెండింటిలో ఉందని నా అనుమానం. ముఖ్యంగా డంపింగ్‌లో.

ముందు ఆ 4, 8 ఎక్కడి నుంచి వచ్చాయో చూద్దాం. ఆఫీసులో మనిషి సెకనుకు సుమారు 1.6 నుంచి 2.2 అడుగులు వేస్తాడు. అడుగు నేల మీద వేసే బలం నున్నటి అల కాదు. అందుకే అందులో అడుగుల వేగంతో పాటు దానికి రెట్టింపు, మూడింతలు, నాలుగింతల ఫ్రీక్వెన్సీల భాగాలూ ఉంటాయి. వీటినే హార్మోనిక్స్ అంటాం. పైకి వెళ్లేకొద్దీ వాటి బలం వేగంగా పడిపోతుంది. మొదటిది మనిషి బరువులో దాదాపు సగం ఉంటే, రెండోది ఐదో వంతు, మూడోది పదో వంతు, నాలుగోది ఇరవయ్యో వంతు. ఫ్లోర్ సహజ ఫ్రీక్వెన్సీ వీటిలో ఏదో ఒకదానితో కలిస్తే ప్రతి అడుగూ ముందు అడుగు లేపిన ఊపుకు తోడవుతుంది, దీన్నే రెజొనెన్స్ అంటాం. 4 దాటాలనే మాట మొదటి హార్మోనిక్ నుంచి బాగా దూరం జరగడానికి, రెండోదాన్ని కూడా వీలైనంత దాటడానికి. సెకనుకు 2.2 అడుగులను నాలుగుతో గుణిస్తే 8.8 వస్తుంది. 8 అనే మాట, దానికి దగ్గరగా కొందరు వాడే 9 అనే మాట, ఈ నాలుగు హార్మోనిక్స్‌నూ దాటేయడానికి.

అంటే 4 దాటిన ఫ్లోర్‌కు ప్రమాదం పోయినట్టు కాదు. మీ 4.2 ని రెండుతో భాగిస్తే సెకనుకు 2.1 అడుగులు. నిమిషానికి సుమారు 125. మీటింగ్‌కు ఆలస్యమై చకచకా నడిచే మనిషి వేగం అది. మీ ఫ్లోర్ సరిగ్గా రెండో హార్మోనిక్ మీదే కూర్చుంది. 8 ఉండాలనే నియమం ఆపరేషన్ థియేటర్లకు, సున్నితమైన పరికరాలుండే ల్యాబులకు అర్థవంతమే. 12 మీటర్ల ఆఫీసు స్పాన్‌కు మాత్రం అది దాదాపు అందని కోరిక. ఎందుకో లెక్కలో కనిపిస్తుంది.

ఈ లెక్కకు నేను వాడేది అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్టీల్ కన్‌స్ట్రక్షన్ వాళ్ల డిజైన్ గైడ్ 11 పద్ధతి. అది మొదట 1997లో వచ్చింది, 2016లో రెండో ఎడిషన్ వేశారు. 9 హెర్ట్జ్ లోపు ఫ్లోర్లకు అందులో ఉన్న పరీక్ష ఒక్క లైనే:

```
a/g = P0 * exp(-0.35*f) / (beta * W)   <=   0.005
```

ఆఫీసుకు `P0` విలువ 0.29 కిలోన్యూటన్లు. `f` అంటే బీమ్, గర్డర్ కలిసి ఊగే ఫ్రీక్వెన్సీ. `beta` డంపింగ్ నిష్పత్తి. `W` అంటే ఆ ఊపులో పాల్గొనే ఫ్లోర్ బరువు. కుడివైపు ఉన్న 0.005 ఆఫీసుల్లో జనం ఓర్చుకునే గరిష్ఠ త్వరణం, అంటే గురుత్వ త్వరణంలో 0.5 శాతం.

ఈ ఫార్ములాను గుడ్డిగా వాడకుండా, లోపల ఏముందో ఒకసారి చూడండి. 0.7 కిలోన్యూటన్ల బరువున్న మనిషి హార్మోనిక్ బలాలు పైకి వెళ్లేకొద్దీ ఎలా పడిపోతాయో ఆ ఎక్స్‌పొనెన్షియల్ చెబుతుంది. రెజొనెన్స్‌లో ఊపును ఆపేది డంపింగ్ ఒక్కటే, అందుకే అది హారంలో ఉంది. ఇక నడిచే మనిషి సరిగ్గా స్పాన్ మధ్యలోనే నిలబడిపోడు, ఊపు పూర్తిగా ఎదిగేంతసేపు అక్కడ ఉండడు, ఇబ్బంది పడే మనిషి కూడా అదే చోట ఉండడు. ఈ మూడింటికీ కలిపి సగం తగ్గింపు `P0` లోనే ఉంది. కాబట్టి ఫలితం చూశాక "నిజంగా ఇంత ఉండదులే" అని మళ్లీ తగ్గించకండి. ఆ తగ్గింపు ఒకసారి జరిగిపోయింది.

మీ సెక్షన్లు చెప్పలేదు కాబట్టి ఆ స్పాన్లకు మామూలుగా వాడే కొలతలు తీసుకున్నాను. బీమ్‌లు 3 మీటర్లకొకటి. స్లాబ్ మొత్తం 125 మి.మీ., అందులో డెక్ గాడులు 50, వాటి పైన కాంక్రీటు 75. బీమ్ లోతు 453 మి.మీ., మీటరుకు 67 కిలోలు. గర్డర్ లోతు 612 మి.మీ., మీటరుకు 125 కిలోలు. రెండు వైపులా మూడేసి బేలు, అంటే కాలమ్‌ల మధ్య గళ్లు, కాబట్టి ఫ్లోర్ 27 మీటర్లు × 36 మీటర్లు. మీ విలువలు వేరైతే వాటిని పెట్టుకోండి, దారి మాత్రం ఇదే.

మొదటి తప్పు సాధారణంగా బరువు దగ్గరే జరుగుతుంది. వైబ్రేషన్ చెక్‌లో డిజైన్ లైవ్ లోడ్ పెట్టకూడదు. రోజూ ఆ ఫ్లోర్ మీద నిజంగా ఉండే బరువు పెట్టాలి. కంప్యూటర్ల ఆఫీసుకు అది చదరపు మీటరుకు 0.3 నుంచి 0.4 కిలోన్యూటన్లు మాత్రమే. నేను స్లాబ్, డెక్ షీట్ కలిపి 2.5, సీలింగ్, సర్వీసులకు 0.2, సామాను, మనుషులకు 0.4, మొత్తం 3.1 తీసుకున్నాను. బీమ్ సొంత బరువు కలిపితే బీమ్ మీద మీటరుకు 10 కిలోన్యూటన్లు.

డిజైన్ లైవ్ లోడ్ 3 పెడితే ఏమవుతుందో కూడా చూశాను. ఫ్రీక్వెన్సీ 3.1కి పడిపోతుంది, అది చూసి భయం వేస్తుంది. కానీ అదే లెక్కలో `W` దాదాపు రెట్టింపవుతుంది, దాంతో త్వరణం అసలుకంటే తక్కువగా వస్తుంది. ఒకే తప్పు ఒకచోట భయపెట్టి, ఇంకోచోట ధైర్యం చెబుతుంది. ఎక్కువ లోడ్ పెడితే సేఫ్ సైడ్ అనే అలవాటు ఇక్కడ పనిచేయదు.

రెండో విషయం కాంక్రీటు బిగువు. చిన్న, వేగమైన కదలికలకు కాంక్రీటు కాస్త బిగువుగా స్పందిస్తుంది, అందుకే ఎలాస్టిక్ మాడ్యులస్‌ను 1.35తో గుణిస్తారు. షియర్ స్టడ్లు లేకపోయినా ఇంత చిన్న కదలికలకు స్లాబ్, బీమ్ కలిసే పనిచేస్తాయి కాబట్టి కాంపోజిట్ అనే తీసుకుంటాం. నా కాంక్రీటుకు స్టీల్‌తో మాడ్యులర్ నిష్పత్తి 5.4 వచ్చింది. దాంతో బీమ్ జడత్వ భ్రామకం సుమారు 1.01 × 10⁹ మి.మీ.⁴, గర్డర్‌ది 2.9 × 10⁹.

ఈ నిజమైన బరువు కింద బీమ్ వంగేది 13.3 మి.మీ., గర్డర్ వంగేది 6.1 మి.మీ. డిఫ్లెక్షన్ చేతిలో ఉంటే ఫ్రీక్వెన్సీకి వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు:

```
f = 18 / sqrt(delta)      delta: mm, f: Hz
```

ఇందులో 18 అనేది 17.83ని గుండ్రం చేసిన సంఖ్య, కింది ఫలితాలు ఆ 17.83తోనే వేసినవి. బీమ్ ఒక్కదానికి 4.9 హెర్ట్జ్, గర్డర్‌కు 7.2. చాలామంది ఇక్కడ ఆగిపోయి బీమ్ 4.9 అని రాసేస్తారు. గర్డర్ కూడా వంగుతుంది, బీమ్ దాని మీదే కూర్చుంది, కాబట్టి రెండు డిఫ్లెక్షన్లూ కలపాలి. నా ఫ్లోర్‌లో ఊపు బీమ్‌లకు అడ్డుదిశలో 11.1 మీటర్ల వెడల్పుకు పాకుతుంది, గర్డర్ స్పాన్ మాత్రం 9. అలాంటప్పుడు గర్డర్ డిఫ్లెక్షన్‌ను 9/11.1 నిష్పత్తిలో తగ్గించవచ్చు. 6.1 కాస్తా 4.9 అవుతుంది. మొత్తం 18.2 మి.మీ., ఫ్రీక్వెన్సీ 4.18. మీకు వచ్చిన 4.2కి దగ్గరే ఉంది, కాబట్టి మీ లెక్క తప్పని నేను అనుకోవడం లేదు.

ఇదే లెక్కతో 8 హెర్ట్జ్ కావాలంటే మొత్తం డిఫ్లెక్షన్ 5 మి.మీ. లోపు రావాలి. అంటే బిగువు మూడున్నర రెట్లకు పైగా పెంచాలి. ఆఫీసు కోసం ఎవరూ అంత స్టీల్ పెట్టరు, పెట్టాల్సిన అవసరమూ లేదు.

ఇప్పుడు `W`. ఒక మనిషి నడిస్తే ఊగేది ఒక్క బీమ్ కాదు. స్లాబ్ అడ్డంగా పక్క బీమ్‌లను కూడా లాగుతుంది. ఎంత దూరం లాగుతుందన్నది స్లాబ్ బిగువుకూ బీమ్‌ల బిగువుకూ ఉన్న నిష్పత్తి నాలుగో మూలం మీద ఆధారపడుతుంది. నేను పైన చెప్పిన 11.1 మీటర్ల వెడల్పు ఆ లెక్కలోదే:

```
Bj = 2 * (Ds/Dj)^0.25 * Lj
```

ఇక్కడ `Ds` స్లాబ్ బిగువు, `Dj` బీమ్ బిగువును వాటి మధ్య దూరానికి పంచితే వచ్చేది, `Lj` బీమ్ స్పాన్. 12 మీటర్ల పొడవు, 11.1 మీటర్ల వెడల్పు ప్యానెల్ బరువు 443 కిలోన్యూటన్లు. బీమ్‌కు అటువైపు కూడా ఇలాంటి పొడవైన బీమ్ కొనసాగుతుంటే దీన్ని ఒకటిన్నర రెట్లు చేయవచ్చు. డ్రాయింగ్‌లో జాయింట్ పిన్ అని ఉన్నా ఇంత చిన్న కదలికకు బోల్టులు జారవు, పక్క బే బరువు కూడా ఊగుతుంది. అలా బీమ్ ప్యానెల్‌కు 665. గర్డర్ దిశలో అదే తరహా లెక్కకు 544. రెండింటినీ డిఫ్లెక్షన్ల నిష్పత్తిలో కలిపితే `W` 632 కిలోన్యూటన్లు.

ఇక డంపింగ్. దీన్ని కచ్చితంగా లెక్కగట్టే పద్ధతి లేదు, ఫ్లోర్ మీద ఏముందో చూసి కూడుకోవాలి. ఒట్టి స్ట్రక్చర్‌కు 0.01. సీలింగ్, డక్టులు ఉంటే ఇంకో 0.01. కాగితాలు, బీరువాలు లేని కంప్యూటర్ల ఆఫీసు సామానుకు 0.005. పాతకాలం ఫైళ్ల ఆఫీసైతే 0.01. ఆ బేలోనే నేల నుంచి పై స్లాబ్ దాకా పార్టిషన్ గోడలుంటే 0.02 నుంచి 0.05 దాకా.

మామూలు ఆఫీసు అనుకుని 0.025 పెడితే త్వరణం 0.42 శాతం వస్తుంది. 0.5 లోపు ఉంది, పాస్. డిజైన్ కాగితంలో కనిపించేది ఇదే.

ఇప్పుడు మీ ఫ్లోర్‌ను, దాని కింది భాగాన్ని గుర్తుచేసుకోండి. సీలింగ్ లేకుండా డక్టులు, బీమ్‌లు కనిపించేలా వదిలేశారా? ఫ్లోర్ అంతా ఒకే హాలు, పొట్టి డెస్కులు, పల్చటి మానిటర్లు, గోడలు లేవా? అలాగైతే డంపింగ్ 0.015కి మించదు. డక్టులు కొన్ని ఉన్నా నేను వాటికి విడిగా ఏమీ కలపను. అదే ఫ్లోర్, అదే 4.18 హెర్ట్జ్, త్వరణం 0.71 శాతం. ఫెయిల్. బీమ్‌లో, స్లాబ్‌లో ఒక్క మిల్లీమీటరు కూడా మారలేదు.

నేను చూసిన ఒక భవనంలో సరిగ్గా ఇదే జరిగింది. స్ట్రక్చర్ డిజైన్ చేసినప్పుడు సీలింగ్ ఉంది. ఇంటీరియర్ వాళ్లు తర్వాత దాన్ని తీసేసి కింది భాగానికి నల్ల పెయింట్ వేయించారు. స్ట్రక్చర్ ఇంజనీరుకు ఎవరూ చెప్పలేదు, చెప్పాలని ఎవరికీ తట్టలేదు. వారం తిరక్కుండానే కంప్లైంట్లు మొదలయ్యాయి. అప్పటి నుంచి నేను వైబ్రేషన్ లెక్క పేజీలోనే "సీలింగ్ తీసేస్తే ఈ చెక్ చెల్లదు" అని పెద్ద అక్షరాల్లో రాసి క్లయింట్‌కు విడిగా చూపిస్తున్నాను.

ఇంకో అనుమానం కూడా చెప్తాను. గోల పెట్టేవాళ్లు ఎక్కడ కూర్చున్నారు? బిల్డింగ్ అంచు బేలో అయితే పక్కన కొనసాగే బీమ్ ఒకవైపే ఉంటుంది. మెజ్జనైన్‌లోనో, ఒక్క బే మాత్రమే ఉన్న చోటో అయితే అసలు ఉండదు. అలా అసలు లేని చోట ఆ ఒకటిన్నర రెట్లు పోతాయి, `W` 470కి దిగుతుంది. డంపింగ్ 0.025 ఉన్నా త్వరణం 0.57 అవుతుంది. ఒకే ఫ్లోర్‌లో మధ్య బేలో హాయిగా ఉండి, ఒక మూల మాత్రమే ఊగుతుందంటే కారణం చాలాసార్లు ఇదే.

డిఫ్లెక్షన్ పాసైనా ఇలా ఎందుకు జరుగుతుందో ఈ లెక్కలోనే తెలుస్తుంది. డిజైన్ లైవ్ లోడ్ 3 కిలోన్యూటన్లకు ఈ బీమ్ దాదాపు 12 మి.మీ. వంగుతుంది, స్పాన్/360 పరిమితి 33. మూడో వంతు దగ్గరే ఉంది. ఆ పరిమితి ఫ్లోర్ బరువును, డంపింగ్‌ను ఎక్కడా అడగదు. కాంపోజిట్ స్లాబ్‌లు, పొడవు స్పాన్లు, గోడల్లేని హాళ్లు ఒకచోటికి వచ్చాక ఆ చెక్ వైబ్రేషన్ గురించి ఏమీ చెప్పలేదు.

మీ చివరి ప్రశ్నకు వస్తున్నా. ప్లేట్లు వెల్డ్ చేయించి బీమ్ బిగువు రెట్టింపు చేశారనుకుందాం. ఇది చిన్న పని కాదు, సీలింగ్ లోపల పైకి చూస్తూ వెల్డింగ్, ఫైర్ కోటింగ్ గీకడం, మళ్లీ వేయడం, అంతా కింది అంతస్తు ఖాళీ చేయించి. ఫ్రీక్వెన్సీ 4.18 నుంచి 5.0కి పెరుగుతుంది. కానీ బీమ్ బిగుసుకున్నకొద్దీ స్లాబ్ పక్క బీమ్‌లను లాగే దూరం తగ్గుతుంది, 11.1 మీటర్లు 9.3 అవుతాయి. గర్డర్ వైపు కొంత పెరుగుతుంది, అయినా మొత్తం `W` 600కి దిగుతుంది. డంపింగ్ 0.015తో త్వరణం 0.55. ఇంకా ఫెయిలే. అంత పని చేయించి కూడా.

పోల్చడానికి మొదటి డిజైన్‌లోనే కాంక్రీటు 25 మి.మీ. మందం పెంచి ఉంటే ఏమయ్యేదో చూశాను. బరువు పెరిగింది కాబట్టి ఫ్రీక్వెన్సీ 4.18 నుంచి 4.13కి తగ్గింది. ఫ్రీక్వెన్సీ ఒక్కటే చూసేవాళ్లు దీన్ని చెడిపోవడమే అంటారు. కానీ స్లాబ్ బిగువు రెట్టింపు దాకా పెరిగి ఊపు 12.8 మీటర్లకు పాకింది, `W` 837 అయింది, త్వరణం 0.54కి వచ్చింది. అంటే బీమ్ స్టీల్ బిగువు రెట్టింపు చేసినంత లాభం. ఇదే మందానికి డంపింగ్ 0.025 పెడితే 0.33. తక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్న మెరుగైన ఫ్లోర్ ఇది. కొత్త డిజైన్‌లో ఎవరైనా నన్ను అడిగితే స్టీల్‌కు ముందు స్లాబ్ చూడమంటాను. మీ కట్టేసిన భవనానికి ఈ దారి దాదాపు మూసుకుపోయింది, ఎందుకంటే పైన టాపింగ్ వేస్తే ఆ బరువు బీమ్‌లు, కాలమ్‌లు, పునాదులు మోయాలి. అది కొంతైనా కుదురుతుందేమో చూడకుండా వదలకండి, కానీ ముందు వేరే పనులున్నాయి.

ఆ పనుల్లో మొదటిది కొలవడం. లెక్క మీద మాత్రమే డబ్బు ఖర్చు పెట్టకండి. ఫ్లోర్ మధ్యలో యాక్సెలరోమీటర్ పెట్టి ఒక మనిషి మునివేళ్ల మీద లేచి మడమలు ఒక్కసారిగా కిందికి వదలాలి. ఆ రికార్డును ఫ్రీక్వెన్సీల వారీగా విడదీస్తే మొదటి శిఖరం సహజ ఫ్రీక్వెన్సీ. ఈ సంఖ్య వరకు మంచి ఫోన్‌లోని సెన్సర్ కూడా పనికొస్తుంది. పైకి లెక్కకు రాని అద్దాల ఫసాడ్, కొన్ని గోడలు బిగువునిస్తాయి కాబట్టి కొలిచిన విలువ లెక్కకంటే కాస్త ఎక్కువగా ఉండడం మామూలే. బాగా తక్కువగా ఉంటే గర్డర్‌నో సపోర్టునో మీరు సరిగా లెక్కపెట్టలేదని అర్థం.

తర్వాత మెట్రోనోమ్‌ను ఆ ఫ్రీక్వెన్సీలో సగానికి పెట్టి నడవాలి. మీకు నిమిషానికి 125 అడుగులు. అటూ ఇటూ 115 నుంచి 130 దాకా కొన్నిసార్లు మార్చి చూడండి. డంపింగ్ 0.015 ఉన్న ఈ ఫ్లోర్‌లో ఊపు పూర్తి స్థాయిలో దాదాపు మూడింట రెండు వంతులకు ఎదగడానికి సుమారు రెండున్నర సెకన్లు, అంటే ఐదారు అడుగులు పడతాయి. మీ రికార్డులో అల అడుగుకు అడుగుకూ పెరుగుతూ, మనిషి ఆగాక మెల్లగా సన్నబడితే అది రెజొనెన్స్, ఈ జవాబంతా మీకు వర్తిస్తుంది. అలా కాకుండా ప్రతి అడుగుకూ చిన్న గుద్దులా వచ్చి తర్వాతి అడుగు లోపే చచ్చిపోతుంటే ఫ్లోర్ 9 హెర్ట్జ్ పైన ఉన్నట్టు, లేదా రేయిజ్డ్ ఫ్లోర్ పలకలు వదులుగా ఉన్నట్టు. అప్పుడు బీమ్‌లను ముట్టుకోకండి.

కొలిచేవాళ్లతో ఒక మాట ముందే తేల్చుకోండి: వాళ్లిచ్చే సంఖ్య శిఖర విలువా, ఆర్‌ఎంఎస్ విలువా? 0.5 శాతం అంటే సెకనుకు సెకనుకు 0.049 మీటర్ల శిఖరం, ఆర్‌ఎంఎస్‌లో చెబితే సుమారు 0.035. బ్రిటన్ వైపు పద్ధతుల్లో రెస్పాన్స్ ఫ్యాక్టర్ 8 అని ఆఫీసుకు రాస్తే అది 0.04 ఆర్‌ఎంఎస్. రెండు పరిమితులూ దగ్గరదగ్గరే, కానీ ఒకదాని శిఖరాన్ని ఇంకోదాని ఆర్‌ఎంఎస్‌తో పోల్చితే మంచి ఫ్లోర్ ఫెయిలవుతుంది, చెడ్డది పాసవుతుంది. అలాగే మడమ దెబ్బ రికార్డు సన్నబడే వేగం నుంచి తీసిన డంపింగ్ కాస్త ఎక్కువ చూపిస్తుంది, ఎందుకంటే అందులో కొంత శక్తి ఇతర మోడ్‌లకు జారిపోతుంది. నా ఫార్ములాలో పెట్టాల్సింది దానిలో సగం నుంచి మూడింట రెండు వంతులే.

కొలత 0.6, 0.7 చుట్టుపక్కల వచ్చి, సీలింగ్ లేదని తేలితే ఆ పొడవు స్పాన్ బేల కిందే సీలింగ్ వేయించడం, లేదా ఫ్లోర్ మీద ఒకటి రెండు పూర్తి ఎత్తు పార్టిషన్లు బీమ్‌లకు అడ్డంగా పెట్టించడం నేను మొదట చేస్తాను. డంపింగ్ 0.015 నుంచి 0.025కి వెళ్లడం త్వరణాన్ని 0.71 నుంచి 0.42కి దింపుతుంది, మీ ప్లేట్ల వెల్డింగ్ దాన్ని 0.55కి మాత్రమే దింపింది. పార్టిషన్ పైభాగం పై స్లాబ్‌కు బిగించే ముందు అక్కడి అంతస్తు వంగే ఖాళీ వదలడం మరచిపోకండి. లేకపోతే పై ఫ్లోర్ బరువు గోడ మీద పడుతుంది.

దాంతో పాటు నడిచే దారి మార్చడం కూడా పనిచేస్తుంది. ప్రింటర్లు, కాఫీ మెషిన్ ఉండే మూలకు అందరూ 12 మీటర్ల స్పాన్ మధ్యలో పొడుగ్గా నడిచి వెళ్తున్నారా? ఆ దారిని గర్డర్ లైను పక్కకు జరిపితే అదే మనిషి నడక ఊపు చాలా తగ్గుతుంది, కంప్లైంట్ చేసే డెస్కులను మధ్య నుంచి గర్డర్ దగ్గరికి జరిపినా అంతే. దీనికి ఖర్చు లేదు. కింది అంతస్తులో ఎక్కడైనా కాలమ్ పెట్టడానికి చోటుంటే ఒక్క పోస్ట్ స్పాన్‌ను సగం చేసి లెక్కంతా మార్చేస్తుంది, కానీ దాని కింద పునాది దాకా ఆ బరువు దారి చూపించాలి. ఇవేవీ కుదరకపోతేనే ట్యూన్డ్ మాస్ డాంపర్. ఈ ప్యానెల్‌లో ఊగే మోడల్ ద్రవ్యరాశి దాదాపు 32 టన్నులు, అందులో 2 శాతం అంటే 640 కిలోల బరువును స్ప్రింగుల మీద సరిగ్గా కొలిచిన ఫ్రీక్వెన్సీకి అమర్చాలి. తర్వాత ఫ్లోర్ మీద సామాను మారి ఫ్రీక్వెన్సీ కదిలితే మళ్లీ సర్దాలి, అందుకే దాన్ని చివరికి ఉంచుతాను.

మీ బీమ్, గర్డర్ సెక్షన్లు, స్లాబ్ మందం, ఆ ఫ్లోర్ కింది సీలింగ్ పరిస్థితి, కంప్లైంట్ వచ్చే డెస్కులు ఏ బేలో ఉన్నాయో ఇక్కడ రాయండి. వాటితో లెక్క మళ్లీ వేసి, కొలత ఎక్కడ పెట్టాలో గుర్తించి చెప్తాను. ఈలోగా వెల్డింగ్ కాంట్రాక్టరుకు ఆర్డరు ఇవ్వకండి.